బ్యాట్‌మ్యాన్ గాయమా, స్పైడర్‌మ్యాన్ తప్పా?

ఓరుగల్లు పోరడిని హీరోగా పెట్టి కామిక్ రాసేవాళ్లకు మొదటి తిప్పలు ఇదే: విషాదం ఏ రకంది?

బ్యాట్‌మ్యాన్: అమ్మానాన్నలను దొంగ కాల్చాడు, పిల్లాడి తప్పేం లేదు. అందుకే అతని నియమం ఆ దొంగ చేసిన పని మీద: తుపాకీ వద్దు, చంపొద్దు. (తొలి కథల్లో తుపాకీ పట్టాడు లెండి.) విలన్లూ గాయపడ్డవాళ్లే. ఆసిడ్‌తో సగం మొహం కాలిన టూ-ఫేస్ నాణెం ఎగరేసి తీర్పు చెప్తాడు.

స్పైడర్‌మ్యాన్ (1962): పారిపోతున్న దొంగను తనే వదిలేశాడు, వాడే పెదనాన్న బెన్‌ను చంపాడు. నియమం తన మీదే: చేయగలిగి ఊరుకోవద్దు. విలన్లు డాక్టర్ ఆక్టోపస్‌లా శక్తి దొరికి దారితప్పినవాళ్లు.

చెడేది ఎక్కడ? మొదటిదాంట్లో హంతకుడు దొరికితే పగ తీరి కథ ఆగిపోతుంది. రెండోదాంట్లో తప్పు పెద్దదైతే హీరో మీద జాలి పోతుంది, అందుకే అది చిన్నదిగా ఉండాలి. వరంగల్ చౌరస్తాలో గొలుసు దొంగకు దారివ్వడం చాలు.

చీకటి నేరకథకు మొదటిది, కాలేజీ, ఇంటి కిరాయి గొడవల మధ్య నడిచే కథకు రెండోది.