చెవిలో గుబిలి: రోడ్డు పక్క సలాయా, ఇయర్ బడ్సా, చుక్కల మందా?

కృష్ణలో మునిగి వచ్చిన సాయంత్రమే మా బాబాయ్‌కి కుడి చెవి టప్‌మని మూసుకుపోయింది. తన మాటే తనకి బిందెలోంచి వచ్చినట్టు వినిపిస్తోందన్నాడు. ఎండిన గుబిలికి నీళ్లు తగిలితే ఉబ్బుతుంది. (కొన్ని ఊళ్లలో గులిమి అంటారు, రెండూ ఒకటే.) అప్పటిదాకా మిగిలిన సన్న సందు కూడా అలా పూడుకుపోతుంది. పెద్ద జబ్బేమీ కాదు. ఆయన మాత్రం మర్నాడు హైదరాబాద్ పాత బస్తీలో పని చూసుకుని, దారిలో కనబడ్డ చెవులు శుభ్రం చేసే అతని ముందు కూర్చున్నాడు.

పాత ఢిల్లీలో, ముంబయిలో, మన హైదరాబాద్‌లో వీళ్లు ఇప్పటికీ ఉన్నారు. తలకి ఎర్ర టోపీయో పాగానో, అందులో గుచ్చిన సన్నటి ఇనప సలాయి, చేతిలో దూది, చిన్న పట్టకారు, ఒకటి రెండు సీసాలు. బాబాయ్‌కి ముందు చెప్పిన రేటు ఇరవై రూపాయలు. సలాయి నాలుగు తిప్పులు తిప్పాక "సాబ్, అందర్ పత్థర్ హై" అన్నాడట. రాయికి వంద చొప్పున మూడు రాళ్లు బయటికొచ్చాయి. మూడో రాయి దగ్గర బాబాయ్‌కి దగ్గొచ్చింది. చెవిలో సూది దిగినట్టు నొప్పి పుట్టింది. అతను నురగలు కక్కే మందేదో పోశాడు. ఆ మందు చేదు గొంతులో తెలిసిందని బాబాయ్ ఇంటికొచ్చి వింతగా చెప్పాడు.

నిజానికి అది పెద్ద గుర్తు. చెవిలో పోసింది గొంతులోకి దిగాలంటే మధ్యలో ఉన్న కర్ణభేరికి చిల్లు ఉండాలి. ముక్కు చీదినప్పుడు చెవిలోంచి గాలి బుస్సుమన్నా అర్థం అదే. ఆ దగ్గు కూడా ఊరికే రాలేదు. చెవి గొట్టం చర్మంలో ఉండే ఒక నరం దగ్గు పుట్టించే నరానికి కొమ్మ. కొందరికి అక్కడ ఏది తగిలినా దగ్గొస్తుంది. తల అదురుతుంది, సలాయి ఇంకాస్త లోపలికి పోతుంది.

ఈఎన్‌టీ డాక్టర్ వాడేది మాత్రం ఇనుము కాదా అని మా పిన్ని అడిగింది. మంచి ప్రశ్నే. ఆయన దగ్గరా లోహపు పుల్లే ఉంటుంది. తేడా తెలియాలంటే చెవి లోపలెలా ఉంటుందో కొంచెం చెప్పాలి. పెద్దవాళ్లలో చెవి గొట్టం పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు, అదీ తిన్నగా ఉండదు, వంపు తిరిగి ఉంటుంది. బయటివైపు మూడో వంతు మెత్తటి మృదులాస్థి. గుబిలి తయారయ్యేది అక్కడే. లోపలి రెండు వంతులూ ఎముక, దానిమీద పల్చటి చర్మం. ఆ చివర కర్ణభేరి, మందం మిల్లీమీటరులో దాదాపు పదో వంతు. డాక్టర్ చెవిని పైకి, వెనక్కి లాగి గొట్టాన్ని తిన్నగా చేస్తారు. తలకి లైటో, ముందు మైక్రోస్కోపో పెట్టుకుని, పుల్ల మొనని కళ్లతో చూస్తూ కదుపుతారు. గుబిలి గట్టిగా అతుక్కుని ఉంటే ఆపేసి, నాలుగు రోజులు చుక్కలు వేసుకుని రమ్మంటారు.

రోడ్డు మీద ఆ ఆపడం కుదరదు. సలాయి చేతి అలవాటు మీదే నడుస్తుంది. ఏళ్ల అనుభవం ఉన్నవాళ్ల చెయ్యి తేలికగానే ఉంటుందని ఒప్పుకోవాలి. కానీ ఎండ వెలుతురు వంపు దాటి లోపలికి పోదు, పైగా బయటికి ఏదో ఒకటి తీసి చూపిస్తేనే అతనికి డబ్బు. రాళ్ల సంగతీ ఇక్కడే ఉంది. కొందరు దూదిలోనో వేళ్ల సందునో ముందే దాచుకున్న ముక్కని చెవిలోంచి తీసినట్టు చూపిస్తారు.

ఇన్ఫెక్షన్ సంగతి వేరే. సలాయికి కొత్త దూది చుడతారు కాబట్టి శుభ్రమే అనుకుంటాం, కానీ ఇనుము పాతదే. ఆస్పత్రిలో పుల్లని ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరిలో 15 నిమిషాలు ఉంచుతారు. ఇక్కడ గుడ్డకి తుడుస్తారు. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తపు మరక మీద వారం రోజులైనా బతికి ఉండగలదు. అంతకంటే మామూలుగా జరిగేది గీసుకుపోయిన చర్మంలో బాక్టీరియా చేరడం. చెవి రంధ్రం ముందున్న చిన్న బుడిపె నొక్కితే ప్రాణం లేచొస్తుంది, చీము కారుతుంది. నొప్పికంటే దురద ఎక్కువై, తడిసిన కాగితం ముద్దలాంటిది కనబడితే అది ఫంగస్ కావచ్చు. షుగర్ ఉన్నవాళ్లకి ఈ ఇన్ఫెక్షన్ ఎముకలోకి పాకే ప్రమాదం ఉంది. రాత్రి నిద్ర పట్టనివ్వని చెవి నొప్పి వస్తే వాళ్లు మర్నాటిదాకా కూడా ఆగకూడదు.

సరే, ఇంట్లో ఇయర్ బడ్సే నయమా? చిల్లు పడే భయం సలాయితో కన్నా కొంత తక్కువ, ఇన్ఫెక్షన్ భయమూ తక్కువే. కానీ బయటివైపు పుట్టిన గుబిలిని, దానంతటది ఎన్నడూ పోని ఎముక భాగంలోకి దూర్చేది అదే. తుపాకీలో మందు కూరినట్టు కూరుతుంది. బండి తాళాలు, పిన్నీసుల గురించి చెప్పేదేముంది.

మూసుకుపోని చెవికి అన్నిటికంటే మేలు ముట్టుకోకపోవడం. గొట్టం చర్మం కర్ణభేరి దగ్గర్నుంచి బయటికి, దాదాపు గోరు పెరిగేంత నిదానంగా, తనే జరుగుతూ గుబిలిని మోసుకొస్తుంది. బయట కనబడింది గుడ్డ కొసతో తుడుచుకుంటే చాలు.

మూసుకుపోతే నా ఓటు చుక్కలకే. మెడికల్ షాపులో దొరికే గుబిలి కరిగించే మందు గానీ, సోడియం బైకార్బొనేట్ చుక్కలు గానీ చాలు. పక్కకి పడుకుని మూడు నాలుగు చుక్కలు వేసుకుని అయిదు నిమిషాలు అలాగే ఉండాలి. ఇలా మూడు నుంచి అయిదు రోజులు. మొదటి రోజు చెవి ఇంకా దిబ్బడ వేసినట్టుంటుంది, ఉబ్బడం వల్ల. టెన్షన్ అక్కర్లేదు. వెల్లుల్లి వేసి కాచిన నూనె మాత్రం వద్దు, అమ్మమ్మ చెప్పినా సరే. కాలితే ఆ చర్మం తట్టుకోలేదు.

చుక్కలు అందరికీ కావు. చెవి కారుతున్నా, నొప్పిగా ఉన్నా, పాత చిల్లు ఉన్నా వేయకూడదు. సిరంజీతో నీళ్లు కొట్టించుకోవడానికీ ఇదే షరతు. ఆ నీళ్లు ఒంటి వేడికి దగ్గరగా, 37 డిగ్రీల్లో ఉండాలి, చల్లగా ఉంటే కుర్చీలోనే కళ్లు తిరుగుతాయి. పై షరతులున్నవాళ్లకి మిగిలేది డాక్టర్ దగ్గర సన్న గొట్టంతో పీల్చి తీయించుకోవడం. అన్నిట్లోకీ ఖర్చు దానికే, భద్రమూ అదే.

బాబాయ్‌ని మూడో రోజు డాక్టర్ దగ్గరికి లాక్కెళ్లాం. కర్ణభేరి కింది భాగంలో చిన్న చిల్లు, అంచున ఎండిన రక్తం. వినికిడి పరీక్ష చేశారు, లోపలి ఎముకలకి దెబ్బ తగల్లేదు. ఇలాంటి చిన్న చిల్లులు చాలావరకు ఆరు నుంచి ఎనిమిది వారాల్లో వాటంతటవే పూడతాయన్నారు. స్నానానికి ముందు వ్యాజ్‌లైన్ రాసిన దూది పెట్టుకోవాలి, ఏ చుక్కలూ వేసుకోకూడదు, ముక్కు గట్టిగా చీదకూడదు, షుగర్ అదుపులో ఉంచుకోవాలి. కళ్లు గిర్రున తిరిగినా, వినికిడి ఒక్కసారిగా పడిపోయినా అదే రోజు రమ్మన్నారు, అప్పుడు దెబ్బ లోపలి చెవికి చేరినట్టు.

బాబాయ్ జేబులోంచి పొట్లం తీసి మూడు రాళ్లూ బల్ల మీద పెట్టాడు. డాక్టర్ గారు ఒకసారి చూసి, స్క్రీన్ ఆయన వైపు తిప్పారు. చిల్లుకి పైన, గోడకి అతుక్కుని, నది నీళ్లకి ఉబ్బిన గుబిలి ముద్దలో చాలావరకు ఇంకా అక్కడే ఉంది.