జాగ్రత్త: 'బేంబూ కాటన్' అని కొన్న దుప్పట్లో 70 శాతం పాలియెస్టర్

మే మొదటి వారంలో శ్రీకాకుళంలో ఒక కల్యాణమండపంలో బట్టల సేల్ పెట్టారు. ఎండకి తాళలేక చల్లటి గాలి కోసమే లోపలికి వెళ్లానేమో, ఇప్పుడు ఆలోచిస్తే అదే అనిపిస్తోంది. ఒక స్టాల్ అబ్బాయి దుప్పటి తీసి నా చేతికిచ్చి, "చూడండి మేడమ్, బేంబూ కాటన్, ఏసీ అక్కర్లేదు, చల్లగా ఉంటుంది" అన్నాడు. నిజంగానే చల్లగా ఉంది. రెండు డబుల్ బెడ్‌షీట్లు, ఒక బేంబూ నైటీ, అన్నీ కలిపి 2,900 రూపాయలు.

మా ఇంట్లో ఏసీ లేదు. ఆ రాత్రి పన్నెండున్నరకి కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగిన పది నిమిషాలకి వీపు దుప్పటికి అతుక్కుపోయింది. లేచి చూస్తే నేను పడుకున్నచోట చెమట దుప్పటి మీదే జిడ్డులా నిలబడి ఉంది, లోపలికి ఇంకలేదు. పక్క గదిలో రెండో దుప్పటి వేసుకున్న అత్తయ్య అయితే అప్పటికే దిగి గచ్చు మీద చాప పరుచుకున్నారు. "ఇదేం దుప్పటమ్మా, రెయిన్‌కోటు మీద పడుకున్నట్టుంది" అన్నారు.

పొద్దున్నే లేబుల్ వెతికాను. దుప్పటికి లేదు, దిండు గలీబు లోపలి కుట్టులో వేలిగోరంత ముక్క ఉంది. ఫోన్ కెమెరాతో పెద్దది చేసి చూస్తే 70% పాలియెస్టర్, 30% విస్కోస్. పత్తి పోగు ఒక్కటీ లేదు. పైన కవరు మీద మాత్రం వెదురాకుల బొమ్మ, 'కాటన్ ఫీల్' అని పెద్దక్షరాలు. 'ఫీల్' అన్న మాట ఎందుకుందో ఇంటికొచ్చాక గానీ అర్థం కాలేదు.

స్టాల్లో చల్లగా తగిలింది కదా, అదెలా అంటారా. నున్నగా ఉండే బట్ట చేతికి ఎక్కువ మేర ఆనుతుంది, చేతి వేడిని చటుక్కున లాగుతుంది. ఆ చల్లదనం బట్ట మన ఒంటి వేడికి వచ్చేదాకానే, అంటే ఒకటి రెండు నిమిషాలు. పైగా ఆ హాల్లో ఏసీ, బట్ట అప్పటికే చల్లబడి ఉంది. మన దగ్గర రాత్రి బాధ వేరు. సముద్రం దగ్గర కాబట్టి గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు. అందుకే బట్ట చెమటని పీల్చుకోవాలి, గాలిని వదలాలి. మామూలు గాలిలో పత్తి తన బరువులో 8 శాతం దాకా తేమ పట్టుకుంటుంది, విస్కోస్ 11 నుంచి 13 శాతం. పాలియెస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. మూడొంతుల్లో రెండొంతులకి పైగా అదే ఉన్న దుప్పటి మీద చెమట నిలబడక ఏం చేస్తుంది?

ఇక వెదురు సంగతి. వెదురు గుజ్జుని కాస్టిక్ సోడాలో, ఇంకా కొన్ని రసాయనాల్లో కరిగించి సన్నటి రంధ్రాల్లోంచి దారంగా లాగుతారు. అదే విస్కోస్, మనం రేయాన్ అనేది. కట్టె గుజ్జుతో చేసినా వెదురు గుజ్జుతో చేసినా చివరికి వచ్చేది ఆ రకం దారమే. అది చెడ్డదని నేననను, మెత్తగా ఉంటుంది, చెమట బాగా పీలుస్తుంది. కానీ పీల్చింది తొందరగా వదలదు, తడిస్తే ఒంటికి చుట్టుకుంటుంది. నేను కొన్న నైటీ 95 శాతం బేంబూ విస్కోస్, 5 శాతం స్పాండెక్స్, టీషర్టులా అల్లిన బట్ట. దుప్పటిలా మోసం కాదు, రాసింది రాసినట్టే ఉంది. అయినా తెల్లవారేసరికి తడిసి బరువెక్కి కాళ్లకి చుట్టుకుంది. ఏసీ గదిలో బాగుంటుందేమో. ఉక్కపోతకి మాత్రం వదులుగా కుట్టించిన పలచటి మల్‌మల్ గానీ, కాస్త మందం కావాలంటే కేంబ్రిక్ గానీ దీనికన్నా నయం. సాదా నేత బట్ట తడిసినా కొంచెం బిరుసుగా ఒంటికి ఎడంగా నిలబడుతుంది, మధ్యలో గాలి ఆడుతుంది.

లేబుల్ లేకపోతే ఎలా తెలుసుకోవాలో చెప్తాను. అంచు నుంచి నాలుగైదు పోగులు లాగి, స్టీలు పళ్లెంలో పట్టుకారుతో పట్టుకుని అగ్గిపుల్ల పెట్టండి. పత్తి అయితే కాగితం కాలిన వాసన వస్తుంది, మిగిలే బూడిద వేళ్ల మధ్య నలిపితే పొడి అయిపోతుంది. నా దుప్పటి పోగు ముడుచుకుని కరిగి, చల్లారాక ఆవగింజంత నల్ల పూసలా గట్టిపడింది, గోటితో కూడా విరగలేదు. అది పాలియెస్టర్. ఒక చిక్కుంది: విస్కోస్ కూడా కాగితంలాగే కాలుతుంది, కాబట్టి దాన్ని పత్తి నుంచి నిప్పు వేరుచేయలేదు. దానికి తడి పరీక్ష. ఒక పోగుని నీళ్లలో ముంచి రెండు చేతులతో లాగండి. పత్తి తడిస్తే ఇంకా గట్టిపడుతుంది, విస్కోస్ తడిస్తే సగం బలం పోయి పుటుక్కున తెగుతుంది. ఉతికేటప్పుడు గట్టిగా పిండితే బేంబూ బట్టలు చిరగడానికి కారణం కూడా ఇదే. నీటిచుక్క వేసి ఇంకుతుందో లేదో చూడమని కొందరంటారు. కొత్త బట్టకి అది నమ్మకండి, మెరుపు కోసం పట్టించిన పూత ఉంటే అసలు పత్తి మీద కూడా చుక్క జారిపోతుంది. ఒకటి రెండు ఉతుకులయ్యాక చూస్తే సరి.

బజార్లో గ్లేస్ కాటన్ అని కూడా ఒకటి దొరుకుతోంది, 400కి డబుల్ బెడ్‌షీటు. చాలావరకు అదీ పాలియెస్టరే, పేరులోనే కాటన్.

స్వచ్ఛమైన పత్తి అయినా నేత చూడాలి. మా అప్ప 600 థ్రెడ్ కౌంట్ కాటన్ సాటిన్ కొనుక్కుని "నాది అసలు పత్తే, అయినా ఉడికిపోతోందే" అని ఫోన్ చేసింది. థ్రెడ్ కౌంట్ అంటే అంగుళం చదరంలో పడుగు, పేక పోగులు కలిపి ఎన్ని అని. 600 అంటే కిక్కిరిసిపోయి ఉండాలి, లేదా రెండు పోగులు పేనినదాన్ని రెండుగా లెక్కేసి ఉండాలి. ఎటుచూసినా బట్ట దట్టమే. పైగా సాటిన్ నేతలో ఒక పోగు నాలుగు పోగుల మీదుగా దాటి ఒకదాని కిందకి దిగుతుంది, అందుకే ఆ మెరుపు, ఆ దట్టం. సాదా నేతలో పోగు ఒకటి పైన, ఒకటి కింద. దాన్నే పర్కేల్ అని అమ్ముతున్నారు, మన కొట్లలో అడిగితే పాప్లిన్ అంటారు. 200 నుంచి 300 లోపు కౌంటుది చాలు. ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టి చూస్తే సన్నని గడులు కనపడాలి. పొందూరు ఖద్దరు గాలి ఆడటానికి దీన్ని మించినది అనుకోండి, కానీ ఆ ధరకి దాన్ని పంచెగా కట్టుకోవాలే తప్ప పక్క మీద పరవడానికి నాకు మనసొప్పదు.

ఫోమ్ పరుపు ఉన్నవాళ్లకి ఒక మాట. కింద నుంచి గాలి రాదు కాబట్టి ఎంత మంచి దుప్పటి అయినా చెమట పీల్చడం వరకే చేస్తుంది. అదే పాప్లిన్ దుప్పటి అత్తయ్య నవారు మంచం మీద వేస్తే హాయిగా ఉంది, నా ఫోమ్ పరుపు మీద ఫరవాలేదు, అంతే.

వాపసు ఇద్దామని మూడో రోజు వెళ్లాను. ప్యాకెట్ విప్పేశారు, ట్యాగ్ కత్తిరించేశారు, తీసుకోం అన్నాడు. బిల్లు మీద కూడా 'బెడ్‌షీట్' అని తప్ప బేంబూ, కాటన్ అన్న మాటలు లేవు. కొనేటప్పుడే బట్టలో ఏముందో బిల్లు మీద రాయమని అడిగి ఉండాల్సింది. నేను మాట్లాడుతుండగానే వాళ్లు మూటలు కడుతున్నారు. ఎక్కడికి అంటే, "వచ్చే వారం విజయనగరం మేడమ్" అన్నాడు. అక్కడివాళ్లు గలీబు లోపలి కుట్టు తిరగేసి చూసి కొనండి.