మూడేళ్ల రౌటరు, 94 దగ్గర గోడ

కావలిలోని మా ఇంట్లో ఈ రౌటరు మూడేళ్లుగా ఒక్కసారి కూడా మొరాయించలేదు. వేసవిలో కరెంటు ఎన్నిసార్లు పోయి వచ్చినా తనంతట తానే లేచి కూర్చునేది. ఆ మురిపెంలో ఇద్దరు బంధువుల చేత కూడా కొనిపించాను. ఇప్పుడు వాళ్లకు ఫోన్ చేయాలంటే కాస్త మొహమాటంగా ఉంది.

సంక్రాంతి తర్వాత 100 ఎంబీపీఎస్ ప్లాను నుంచి 200కి మారాను. పరీక్షిస్తే 94. పొద్దున 94, అర్ధరాత్రి 94. రౌటరు పక్కనే ఫోను పెట్టుకుని కూర్చున్నా అంతే. ఇంటర్నెట్ సంస్థకు మూడు ఫిర్యాదులు పెట్టి, నాలుగోసారి గొంతు కూడా పెంచాను. వచ్చిన కుర్రాడు నెమ్మదిగా అన్నాడు: "సార్, లైనులో లోపముంటే వేగం పడుతూ లేస్తూ ఉంటుంది. ఇలా గీత గీసినట్టు ఆగదు."

రౌటరుకు వస్తున్న తీగను ఊడదీసి నా ల్యాప్‌టాప్‌కు పెట్టాడు. 206 వచ్చింది. అదే తీగతో ల్యాప్‌టాప్‌ను రౌటరుకు కలిపి, విండోస్ నెట్‌వర్క్ సెట్టింగులు తెరిచాడు:

```
Link speed (Receive/Transmit): 100/100 (Mbps)
```

తీగలో ఒక జత తెగినా ఇలాగే 100 చూపిస్తుందట. అందుకే తీగ మార్చకుండా చూశాడు. తప్పు తీగది కాదు, రౌటరు పోర్టులదే. అన్నీ పాతకాలపు 10/100 రకం. డేటా వెళ్లే ప్యాకెట్ల మీద చిరునామాల బరువు పోగా ఆ 100లో మన చేతికి దక్కేది 94, 95.

అట్ట మీద మాత్రం 1200 అని పెద్ద అంకె! అది రెండు వైఫై బ్యాండ్ల వేగాలు, 300, 867, కలిపి, వచ్చిన 1167ను 1200కి పెంచి వేసిన లెక్క. ఇంట్లోకి నీళ్లు తెచ్చే గొట్టం సన్నదైతే కుళాయి ఎంత పెద్దదైతే ఏం లాభం? పోర్టుల సంగతి అట్ట వెనక సన్న అక్షరాల్లో ఉంది. నేను చదవలేదు, అది నా తప్పే.

గిగాబిట్ పోర్టులున్న కొత్తది తెచ్చాను. ఫోనులో 200 దాటింది. టీవీకి మాత్రం గోడ తొలిపించి వేయించిన తీగతో మళ్లీ 94! టీవీ పోర్టు కూడా 100దే. తీగ తీసేసి 5 గిగాహెర్ట్జ్ వైఫైకి కలిపితే 170 దాకా వచ్చింది. 4కే సినిమాకు పాతికే చాలు కనుక తెర మీద తేడా ఏమీ లేదు. తీగకిచ్చిన కూలి గుర్తొచ్చినప్పుడే కడుపు మండుతుంది.

మీ ప్లాను వంద లోపైతే పాత రౌటరులో నేను చెప్పగల లోటు లేదు. మా అమ్మాయి కాలేజీ పని కోసం పెద్ద ఫైళ్లు దించుకోకపోతే నేనూ మార్చేవాణ్ని కానేమో. పాతది మేడ మీద నాన్నగారి గదిలో పెట్టాను. ఆయన వార్తలు చూసుకుంటున్నారు, 94 ఆయనకు ఎక్కువే.