జాకెట్టు కుట్టే షాపు వీడియోకు మూడు భాగాల క్యాప్షన్: 14 నెలలు వాడాక

తిరుపతి గాంధీ రోడ్డు పక్క సందులో మా అక్కకు జాకెట్లు కుట్టే షాపు ఉంది. అక్కడ తెర వెనుక జరిగే పనిని అరనిమిషం వీడియోగా తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేది నేను. 14 నెలలుగా క్యాప్షన్‌ను ఒకే వరుసలో రాస్తున్నాను: ముందు వేసుకునేవారి ఇబ్బంది, తర్వాత వీడియోలో కనిపించని కారణం, చివర ఒకే ఒక్క విన్నపం.

అంతకుముందు "మా షాపులో పని ఇలా జరుగుతుంది" అని రాసేదాన్ని. బకెట్లో లైనింగ్ నానుతున్న వీడియోకూ అదే రాస్తే, "అక్కా, కొత్త గుడ్డను ఎందుకు ఉతుకుతున్నారు?" అని ఒకామె అడిగింది. న్యాయమైన ప్రశ్న. ఆ క్యాప్షన్‌ను ఇలా మార్చాను:

"జాకెట్టు బిగుతైందా, మొదటి ఉతుకుకే?

నూలు లైనింగ్ తడిస్తే కుదించుకుపోతుంది. పై గుడ్డ అంతగా కుదించుకోకపోతే కుట్ల వెంట ముడతలు పడతాయి. అందుకే లైనింగ్‌ను రాత్రంతా నానబెట్టి, నీడలో ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కత్తిరిస్తాం.

మాఘమాసం పెళ్లిళ్లకు కావాలంటే ముహూర్తం తేదీ మెసేజ్ చేయండి."

నాకు ఎక్కువ మేలు చేసింది మధ్య భాగం. నానబెట్టడానికి ఒక రాత్రి పడుతుందని చదివినవారు "రేపటికి ఇస్తారా?" అని అడగడం తగ్గించారు. గడువు గురించి అక్క వాదించవలసిన పని చాలావరకు తప్పింది.

కష్టపడి నేర్చుకున్నది మొదటి వాక్యం. యాప్‌లో మొదటి కొన్ని మాటలే కనిపిస్తాయి, మిగిలినది మడతలో ఉండిపోతుంది. తెలుగులో క్రియ చివర వస్తుంది కదా, "మొదటిసారి ఉతకగానే మీ కొత్త పట్టు జాకెట్టు" దగ్గర వాక్యం తెగిపోతే చదివేవారికి ఏమీ అందదు. అందుకే "బిగుతైందా" అన్న మాటను ముందుకు తెచ్చాను. అక్షరాలు పెద్దవిగా పెట్టుకున్న అమ్మ ఫోనులో చూసి, ఆ మాట కనబడితేనే సరే అనుకుంటాను. క్యాప్షన్ వీడియో అడుగు భాగం మీదే పడుతుంది కాబట్టి కుట్టు మిషన్ సూది ఫ్రేము మధ్యలో ఉండేలా తీయాలి.

ఈ వరుస అన్నిటికీ పనికిరాదు. చీరకు పికో చేసే వీడియోలో పనంతా కళ్ల ముందే ఉంటుంది, మధ్య భాగం బలవంతంగా రాసినట్టు ఉంటుంది. అక్కడ రెండు వాక్యాలతో ఆపేస్తున్నాను.

నేను చేసిన పెద్ద తప్పు చివరి భాగంలో కుట్టుకూలి రాయడం. కూలి పెంచిన చాలా నెలలకు ఒకామె ఆ పాత వీడియో చూపించింది. రాసింది మేమే కాబట్టి అక్క పాత ధరకే కుట్టి ఇచ్చింది. ఇప్పుడు ధర రాయను. పెట్టిన తర్వాత కూడా క్యాప్షన్ దిద్దుకోవచ్చు కాబట్టి, ముహూర్తాలు ముగియగానే మాఘమాసం మాట తీసేసి తర్వాతి పెళ్లిళ్ల నెల రాస్తాను. పై రెండు భాగాలను మాత్రం ఇంతవరకు ముట్టుకోలేదు.