ట్యూషన్ సైటుకి క్యూఆర్ చాలా, గేట్‌వే కావాలా?

విజయనగరంలో ఇంటి దగ్గర ట్యూషన్లు చెప్పేవాళ్లు ఈ మధ్య నన్ను అడిగేది ఒకటే. ఆన్‌లైన్ క్లాసులకి సైటు పెట్టుకుంటే ఫీజుకి క్యూఆర్ సరిపోతుందా, పేమెంట్ గేట్‌వే పెట్టించాలా? మా అక్క సైటుకి రెండూ పెట్టి చూశాను కాబట్టి చెబుతున్నా.

అక్క పదో తరగతికి లెక్కలు చెబుతుంది. 22 మంది పిల్లలు, నెలకి 1500. గేట్‌వే 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ పట్టుకుంటే నెలకి 778.80 పోతుంది. సొంత యూపీఐ క్యూఆర్‌కి ఏమీ పోదు.

అందరూ ఈ ఖర్చు దగ్గరే ఆగిపోతారు. అసలు తలనొప్పి, వచ్చిన డబ్బు ఏ పిల్లదో తెలియకపోవడం. ఒకటో తారీఖున అక్క ఫోన్‌కి "పైడిరాజు, 1500" అని మెసేజ్ వస్తుంది. ఆమె దగ్గర పైడిరాజు అనే తండ్రులే ముగ్గురు! స్క్రీన్‌షాట్ అడిగితే పోయిన నెలది పంపినవాళ్లూ ఉన్నారు.

గేట్‌వేలో ఈ గొడవ లేదు, పిల్ల పేరుతోనే రసీదు పడుతుంది. క్యూఆర్‌తో దీనికి దగ్గరగా రావాలంటే రోల్ నంబరుని ఫీజులో కలిపేయాలి. ఏడో నంబరు పిల్లకి 1507. క్యూఆర్‌లో పెట్టేది ఇదే:

```
upi://pay?pa=yourid@bank&pn=Maths&am=1507&cu=INR&tn=Roll07
```

ఫీజు పేజీలో రోల్ నంబరు నొక్కితే ఆ క్యూఆర్ వస్తుంది. ఎవరి ఫోన్ నుంచి కట్టినా మొత్తం చూస్తే పిల్ల తెలిసిపోతుంది.

డౌట్ క్లాసుల సంగతి వేరు. గూగుల్ క్యాలెండర్ ఉచిత బుకింగ్ పేజీ డబ్బు కోసం ఆగదు. మొదటి ఆదివారం ముగ్గురు స్లాట్ పట్టుకుంటే వచ్చింది ఒక్కడు. ఇలాంటి చోట వర్డ్‌ప్రెస్ బుకింగ్ ప్లగిన్‌కి గేట్‌వే తగిలించడమే మేలు. 200 రూపాయల క్లాసుకి 4.72 పోతే పోయింది. ఒకటి మాత్రం చూసుకోండి. డబ్బు కట్టాక నెట్ పోతే "ధన్యవాదాలు" పేజీ తెరుచుకోదు, ఆ పేజీని నమ్ముకున్న ప్లగిన్ స్లాట్‌ని ఖాళీగానే చూపిస్తుంది. అందుకే వెబ్‌హుక్ పెట్టించాలి, అంటే కట్టిన సంగతి గేట్‌వేయే నేరుగా సైటుకి చెప్పాలి. రూపాయి కట్టి, వెంటనే బ్రౌజర్ మూసేసి, స్లాట్ మూసుకుందో లేదో చూడండి.

కోచింగ్ యాప్‌లు కూడా ఉన్నాయి, ఇరవై మంది పిల్లలకి అంత అక్కర్లేదు.

నెల ఫీజుకైతే నా ఓటు క్యూఆర్‌కే. మొన్న ఒకాయన స్కాన్ చేయకుండా ఫోన్ నంబరుకి 1500 కొట్టేశారు. ఏడు రూపాయల కోసం ఫోన్ చేయాలంటే అక్కకి మొహమాటం. ఆ రాత్రే ఫీజు పేజీలోంచి ఫోన్ నంబరు తీసేశాను.