నాన్నకో లెక్క, పాపకో లెక్క

విజయనగరంలో మా ఇంట్లో ఇద్దరికి షుగర్. మాత్రల మీదున్న నాన్నకు తినేముందు 80–130 ఉంటే చాలు. వారానికి రెండుసార్లు పరగడుపున చూస్తాం. ఇన్సులిన్ తీసుకునే ఆరేళ్ల పాపకు పడుకునే ముందు 90–150 ఉండాలన్నారు డాక్టరు. రోజుకు ఆరు నుంచి పదిసార్లు వేలు గుచ్చాలి, పాపం.

ఆ జాగ్రత్త రాత్రి కోసమే. సాయంత్రం బాగా పరుగెత్తి ఆడితే కండరాలు గంటల తరబడి రక్తంలోని చక్కెరను లాక్కుంటాయి. అలాంటి రోజున పడుకునేటప్పుడు 104 ఉంది. నాన్నకైతే నిశ్చింతగా నిద్రపోయే అంకె. పాపకు రాత్రి రెండింటికి చూస్తే 64, ఒళ్లంతా చెమట! కిలోకు 0.3 గ్రాముల చొప్పున, 20 కిలోల పిల్లకు 6 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించాం. పెద్దలకిచ్చే 15 గ్రాములు ఇచ్చుంటే షుగర్ మరీ పెరిగిపోయేది. పావుగంటకు 92కి వచ్చింది.