ఫోన్ పోయాక బిట్‌వార్డెన్, ఏజిస్ తిరిగి తెచ్చుకున్న అనుభవం

పాస్‌వర్డ్‌లు దాచుకోవడానికి బిట్‌వార్డెన్, లాగిన్‌లో పాస్‌వర్డ్ తర్వాత అడిగే ఆరంకెల కోడ్‌లకు ఏజిస్. కొన్నేళ్లుగా నేను వాడుతున్నవి ఈ రెండే. రోజువారీ వాడకంలో రెండూ బాగుంటాయని చాలామంది చెప్తారు, నిజమే. కానీ ఇలాంటి యాప్ అసలు సంగతి ఫోన్ చేతిలో లేని రోజే తెలుస్తుంది. నా ఫోన్ పోయింది కాబట్టి ఆ సంగతే రాస్తున్నాను.

ఫోన్ పోతే ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, బిట్‌వార్డెన్‌లోకి వెళ్లాలంటే ఏజిస్ కోడ్ కావాలి. ఏజిస్ బ్యాకప్ తెరవాలంటే దాని పాస్‌వర్డ్ కావాలి, చాలామంది దాన్ని బిట్‌వార్డెన్‌లోనే దాచుకుంటారు. పోనీ ఈమెయిల్‌తో బయటపడదామంటే దాని పాస్‌వర్డ్ ఒకదాంట్లో, కోడ్ ఇంకోదాంట్లో. తాళాలన్నీ ఒకదాని లోపల ఒకటి ఉండిపోతాయి. కాబట్టి ఏదో ఒక్క తాళం చెవి ఫోన్‌తో సంబంధం లేకుండా బయట ఉండాలి. నా విషయంలో అది కాగితం మీద ఉంది: బిట్‌వార్డెన్ రికవరీ కోడ్, ఏజిస్ పాస్‌వర్డ్, ఈమెయిల్ ఖాతా బ్యాకప్ కోడ్‌లు. బిట్‌వార్డెన్‌ను తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్ మాత్రం నాకు నోటికి వచ్చు.

ముందు లాప్‌టాప్‌లో `vault.bitwarden.com/#/recover-2fa` పేజీ తెరిచాను. ఈమెయిల్, మాస్టర్ పాస్‌వర్డ్, రికవరీ కోడ్ మూడూ ఇవ్వాలి. ఆ కోడ్‌లో 32 అక్షరాలుంటాయి, నిదానంగా చూసి కొట్టాలి. ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. రికవరీ కోడ్ మాస్టర్ పాస్‌వర్డ్‌కు బదులు పనికిరాదు, అది తీసేసేది ఏజిస్ కోడ్ అడిగే రెండో తాళాన్ని మాత్రమే. మాస్టర్ పాస్‌వర్డ్ మర్చిపోతే సపోర్ట్ వాళ్లు కూడా ఏమీ చేయలేరు, ఎందుకంటే అది వాళ్ల సర్వర్‌కు చేరదు. రోజూ వేలిముద్రతో తెరిచేవాళ్లు దాన్ని తెలియకుండానే మర్చిపోతారు. అందుకే నేను లాప్‌టాప్‌లో ఎప్పుడూ మాస్టర్ పాస్‌వర్డ్ కొట్టే తెరుస్తాను.

కోడ్ పనిచేసిందంటే ఖాతాకు రెండో తాళం లేనట్టే. వెంటనే మళ్లీ పెట్టుకోవాలి, కొత్త రికవరీ కోడ్ కూడా రాసుకోవాలి, ఎందుకంటే పాతది ఒక్కసారికే. ఆ తర్వాత Settings, My account లో Deauthorize sessions నొక్కాను. పోయిన ఫోన్‌తో సహా అన్ని పరికరాల్లోనూ లాగౌట్ అవుతుంది. అప్పటికే తెరిచి ఉన్న సెషన్‌కు గంట దాకా పట్టవచ్చని అక్కడే హెచ్చరిక కనిపిస్తుంది.

ఏజిస్ దారి వేరు. దానికి సొంత క్లౌడ్ లేదు. మనం చూపించిన ఫోల్డర్‌లో ఎన్‌క్రిప్ట్ చేసిన `.json` ఫైలు పెడుతుంది, అంతే. ఆ ఫోల్డర్ ఫోన్ మెమరీలోనే ఉంటే బ్యాకప్ కూడా ఫోన్‌తోపాటే పోతుంది. కాబట్టి ఫైలు ఇంకో చోటికి కాపీ అయ్యేలా చూసుకోవాలి. నాది లాప్‌టాప్‌కు సింక్ అవుతుండేది. కొత్త ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఆ ఫైలు ఇంపోర్ట్ చేసి పాస్‌వర్డ్ ఇస్తే ఖాతాలన్నీ వరసగా వచ్చేశాయి. ఇక్కడ వేలిముద్ర పనికిరాదు, దాని కీ పాత ఫోన్‌లోనే ఉండిపోయింది. ఏజిస్ అప్పుడప్పుడూ వేలిముద్ర వద్దని పాస్‌వర్డ్ అడుగుతుంటుంది. అప్పట్లో విసుగ్గా ఉండేది కానీ, ఈ యాప్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇప్పుడు అదే.

కోడ్‌లు వచ్చాక కూడా ఏ వెబ్‌సైట్‌లో కొట్టినా తప్పు కోడ్ అంటూనే ఉంది. కాసేపు టెన్షన్ పడ్డాను. కోడ్ 30 సెకన్లకోసారి ఫోన్ గడియారాన్ని బట్టి మారుతుంది. కొత్త ఫోన్‌లో టైమ్ ఆటోమేటిక్‌లో లేదు, నిజమైన టైమ్ కన్నా రెండు నిమిషాలు వెనక ఉంది. ఆటోమేటిక్‌కు మార్చగానే కోడ్ తీసుకుంది. ఒక్కచోట కాకుండా అన్ని వెబ్‌సైట్‌లూ కోడ్ తిరస్కరిస్తుంటే బ్యాకప్‌ను అనుమానించే ముందు గడియారం చూడండి.

తిరిగి రానిదీ ఒకటుంది. ఆఫీసు ఖాతాకు కోడ్ కాదు, ఫోన్‌కు వచ్చే నోటిఫికేషన్‌లో ‘ఓకే’ నొక్కాలి. అది ఆ ఫోన్‌కే నమోదై ఉంటుంది, ఏ బ్యాకప్‌లోనూ రాదు. ఐటీ వాళ్లతో చెప్పి కొత్త ఫోన్‌ను మళ్లీ నమోదు చేయించుకోవాల్సి వచ్చింది.

ఫోన్ మార్చడమే అయితే పని తేలిక. కొత్త ఫోన్‌లో ప్రతి కోడ్ పాతదాంతో సరిపోతోందో పక్కపక్కన పెట్టి చూసుకుని, ఒకటి రెండు చోట్ల నిజంగా లాగిన్ అయ్యాకే పాతదాన్ని రీసెట్ చేయండి.

బిట్‌వార్డెన్‌ను ఎవరికైనా సిఫారసు చేస్తాను. ఏజిస్‌ను మాత్రం ఫైలు సంగతి తామే చూసుకోగలిగినవాళ్లకే. పైగా అది ఆండ్రాయిడ్‌లోనే ఉంది. ఐఫోన్‌కు మారేవాళ్లు ఎంటే ఆథ్ చూడవచ్చు, అది ఏజిస్ ఫైలును ఇంపోర్ట్ చేసుకుంటుంది. దానికి 24 పదాల రికవరీ కీ ఉంటుంది, అది కూడా ఆ కాగితం మీదే రాసుకోవాలి.